అభినందనలు సార్... మరి మన పీవో సంగతి?

ఒక మందుల కంపెనీలో పర్చేజ్ మేనేజరు ఉద్యోగం మారుతున్నాడంటే ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? భార్యకి అనుకుంటే మీరు అమాయకులు. సప్లయర్లకి తెలుస్తుంది. రాజీనామా మెయిలు ఇంకా డ్రాఫ్టులో ఉండగానే స్టోర్స్‌లో గుసగుస మొదలవుతుంది. స్టోర్స్ నుంచి గేటు దగ్గర సరుకు దింపే డ్రైవరుకి, డ్రైవరు నుంచి ఓనరుకి చేరి, సాయంత్రానికల్లా జీడిమెట్ల నుంచి చర్లపల్లి దాకా ప్రతి డ్రమ్ముల కంపెనీలో, ప్రతి సంచుల కంపెనీలో ఒకే ప్రశ్న: "సార్ ఎక్కడికంట?"

నోటీసు పీరియడు తొంభై రోజులు. ఆ మూడు నెలలూ సారు గారికి ఎవరూ ఏమీ రాయరు. ఆయన చెయ్యెత్తి సంతకం పెట్టే రోజులు అయిపోయాయి కాబట్టి, ఫోను కూడా రెండో రింగుకి కాక ఆరో రింగుకి ఎత్తుతారు. ఆఖరి రోజున ఆయనకి కేకు కోసేది స్టాఫే. సప్లయర్లు ఆ పూట బిజీ. ఆ తర్వాత ఒక సోమవారం ఉదయం ఆయన లింక్డ్ఇన్‌లో కొత్త ఉద్యోగంలో చేరినట్టు నాలుగు ముక్కలు పెడతాడు. దాని కింద ఆ సైటువాళ్లే అభినందనల మాట తయారుగా పెట్టి ఉంచుతారు, వేలితో నొక్కితే చాలు. నొక్కుతారు. నొక్కినవారందరికీ ఆయన మళ్లీ హఠాత్తుగా ఆత్మబంధువు అయిపోతాడు.

అక్కడితో ఆగితే నాకు ఈ కాగితం ఖర్చు ఉండేది కాదు. ఆగరు. ఉత్తరం రాస్తారు.

ఆ ఉత్తరాలు నేను చాలా చూశాను. పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అన్నీ కలిపి పిండితే వచ్చే సారం ఇది. రాసినవాడు పౌడరు మందు నింపే ఎల్‌డీపీఈ లైనర్ సంచుల తయారీదారు అనుకుందాం. అందుకున్నవాడు జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ వదిలి, పరవాడ ఫార్మా సిటీలో ఇంకో కంపెనీలో పర్చేజ్ మేనేజరుగా చేరి వారమైంది.

"గౌరవనీయులైన సార్ గారికి, తమరు కొత్త సంస్థలో చేరిన శుభసందర్భంగా మా సంస్థ తరఫున హృదయపూర్వక అభినందనలు. తమవంటి సమర్థులు ఎక్కడున్నా ఆ సంస్థ అదృష్టం. మనకున్న సుదీర్ఘ అనుబంధం దృష్ట్యా అక్కడ కూడా మాకు అవకాశం ఇప్పించగలరు. మా బ్రోచరు, రేట్ల పట్టిక జతచేస్తున్నాం. తమరి కోసం పాత రేటు కన్నా తగ్గించి స్పెషల్ రేటు ఇస్తున్నాం. అక్కడ ప్రస్తుతం ఎవరు, ఏ రేటుకి ఇస్తున్నారో చెబితే దానికన్నా తక్కువకే కోట్ చేస్తాం. తా.క.: పాత కంపెనీలో మావి రెండు బిల్లులు ఆగి ఉన్నాయి. తమరు ఒక్క మాట చెబితే వచ్చేస్తాయి."

ఈ ఒక్క ఉత్తరంలో ఎన్ని ఘనకార్యాలున్నాయో రాసినవాడికి తెలియదు. అందుకున్నవాడికి మాత్రం మొదటి చదువులోనే తెలుస్తుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ఘనకార్యం, ఉత్తరం ఎక్కడికి వెళ్లిందన్నది. కొత్త మెయిల్ ఐడీ తెలియదు కాబట్టి పేరు, చుక్క, ఇంటిపేరు అని ఊహించి ఒకటి తయారుచేశారు. అది చేరుతుందో లేదోనని, ముందుజాగ్రత్తగా పాత ఐడీకీ పంపారు. అక్కడే కొంప మునిగింది. ఉద్యోగి వెళ్లిపోయాక ఆయన మెయిల్ పెట్టెని చాలా కంపెనీలు వెంటనే చంపవు. కొన్నాళ్లపాటు ఆయన కుర్చీలోకి వచ్చినవాడికో, పై అధికారికో మళ్లిస్తాయి. పెండింగ్ ఆర్డర్లు పోకూడదుగా! కాబట్టి "మీరెక్కడుంటే మేమక్కడే, ఇంకా తక్కువ రేటుకి ఇస్తాం" అనే మీ ప్రేమలేఖని, ఇప్పటికీ మీ దగ్గర పాత రేటుకే సంచులు కొంటున్న కంపెనీలో, ఆ రేటు మీద సంతకం పెట్టాల్సిన కొత్త మనిషి తీరిగ్గా టీ తాగుతూ చదువుతాడు. మీకు కొత్త ఖాతా రాలేదు. పాత ఖాతాలో మాత్రం రేపు ఉదయం ఫోను వస్తుంది: "రేటు తగ్గించుకోవచ్చని తెలిసింది, కొంచెం వచ్చి కలవండి."

రెండోది ఆ స్పెషల్ రేటు. దీని అందం మాటల్లో చెప్పలేం. పాత కంపెనీలో ఆ రేటు కోసం మీతో గంటలు గంటలు బేరమాడింది ఎవరు? ఈయనే. "ఇంతకన్నా ఒక్క రూపాయి తగ్గినా నష్టమే సార్, పిల్లల మీదొట్టు" అని ఎవరితో అన్నారు? ఈయనతోనే. ఇప్పుడు అదే సంచి, అదే మైక్రాన్లు, అదే సైజు, జీడిమెట్ల నుంచి పరవాడకి లారీ కిరాయి కూడా అదనం, అయినా రేటు తక్కువ! దీని అర్థం రెండే. అయితే ఆయన్ని ఇన్నేళ్లూ మోసం చేశారు, లేదా ఆ తేడా డబ్బు ఎక్కడికో వెళ్తుండేదని చదివినవాడు అనుమానించుకోవచ్చు. కొత్త కంపెనీలో ఇంకా ఐడీ కార్డు మీద ఫొటో కూడా ఆరని మనిషికి మీరు అందించిన బహుమతి ఇది. అభినందనలతో సహా.

మూడోది "ఎవరిస్తున్నారు, ఏ రేటుకి". చేరిన రోజున హెచ్ఆర్ వాళ్లు ఆయన చేత సంతకాలు పెట్టించిన కాగితాల కట్టలో రెండు ముఖ్యమైనవి ఉంటాయి. ఒకటి గోప్యత ఒప్పందం, రెండోది వ్యాపార సంబంధాల్లో సొంత ప్రయోజనం ఉంటే ముందే చెప్తానన్న హామీ. పోటీదారుడి రేటు అడగడమంటే ఆ రెండు సంతకాలూ ఒక్క మెయిలుతో చెరిపెయ్యమని అడగడం. ఆయన జవాబివ్వకపోతే "పదవి రాగానే మారిపోయాడు" అంటారు. ఆయన మారలేదు బాబూ. మీరే ఆయన్ని ఉద్యోగం మారిన వారానికే మళ్లీ మార్పించబోయారు.

తాజాకలం గురించి కూడా ఒక మాట. పాత కంపెనీ గేటు లోపలికి ఇప్పుడు ఆయన విజిటర్ పాస్ లేకుండా వెళ్లలేడు. ఆయన చెబితే అకౌంట్స్ వాళ్లు బిల్లు ఎందుకు పాస్ చేస్తారు? అయినా మీకు ఆయన మాట కన్నా గట్టి ఆయుధం ఉంది. మీరు ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకి మించి మీ డబ్బు ఆపకూడదు. ఆపితే వడ్డీ బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఈ చట్టాన్ని ఒక్కసారి మర్యాదగా గుర్తుచేస్తూ పాత కంపెనీ అకౌంట్స్‌కి రాయడానికి మీకు నోరు రాదు. వెళ్లిపోయిన మనిషిని సిఫార్సు అడగడానికి మాత్రం వస్తుంది.

ఇక అసలు మాట, "అవకాశం ఇప్పించగలరు" దగ్గరికి వద్దాం. ఉత్తరం మొత్తం నిలబడింది ఈ మాట మీదే. మేనేజరు గారు తలుచుకుంటే పీవో రాలిపడుతుందని మీ నమ్మకం. ఆయన ఏం ఇప్పించగలడో, ఏం ఇప్పించలేడో ఇన్నేళ్ల వ్యాపారంలో మీరు ఒక్కసారైనా కనుక్కున్నారా?

బల్క్ డ్రగ్ పౌడరుని నేరుగా తాకే సంచి గోనెసంచి కాదు. లోపల తెల్ల ఎల్‌డీపీఈ సంచి, మూతి మెలిపెట్టి కట్టి, దాన్ని ఇంకో నల్ల సంచిలో పెట్టి, ఆ తర్వాత హెచ్‌డీపీఈ డ్రమ్ములో దింపడం మామూలు పద్ధతి. లోపలి సంచి మందుని తాకుతుంది కాబట్టి, ఆ మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షలన్నీ అలాంటి సంచిలో పెట్టే చేస్తారు. విదేశాల్లో దాఖలు చేసిన డ్రగ్ మాస్టర్ ఫైలులో ఆ ప్యాకింగు వివరం రాసి ఉంటుంది. బల్క్ డ్రగ్స్ తయారీకి ప్రపంచమంతా చూసే ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకం 2000 నుంచీ ఉంది. అది చెప్పేది సూటిగా ఉంటుంది: సరుకు కొనాల్సింది క్వాలిటీ విభాగం ఆమోదించిన సరఫరాదారుల దగ్గరే. చూశారా? పర్చేజ్ విభాగం ఆమోదించిన అనలేదు. క్వాలిటీ అంది. మీరు పూలగుత్తి పంపింది ఒకరికి, గేటు తాళం ఉన్నది ఇంకొకరి దగ్గర.

ఆ తాళం తెరుచుకునే దారి ఇలా ఉంటుంది. ముందు ఆ ప్లాంటుకి ఇంకో సప్లయరు కావాలన్న అవసరం పుట్టాలి. పుడితే క్వాలిటీ వాళ్లు మీకు ఒక ప్రశ్నావళి పంపుతారు. మీ గ్రాన్యూల్స్ ఎక్కడివి, పూర్తిగా వర్జిన్ సరుకేనా, తిరిగి కరిగించిన స్క్రాప్ కలుపుతున్నారా, సంచి ఊదే గదిలో దుమ్ము సంగతేమిటి, ఎలుకల మందు ఎక్కడ పెడతారు అని అన్నీ అడుగుతారు. తర్వాత ఫుడ్ గ్రేడ్ ధ్రువపత్రం, జంతు సంబంధ పదార్థాలు వాడలేదన్న హామీపత్రం ఇవ్వాలి. ఆ తర్వాత వేర్వేరు బ్యాచ్‌ల శాంపిల్స్. చాలాచోట్ల మూడు అడుగుతారు, ఒకే రోల్‌లోంచి మూడు ముక్కలు కోసి పంపేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. క్యూసీలో మందం, అతుకు బలం, పదార్థం గుర్తింపు పరీక్షలు. ఆపైన మీ ప్లాంటు ఆడిట్. లోపల చేంజ్ కంట్రోల్ కాగితం తెరిచి, రెగ్యులేటరీ వాళ్లని "ఫైలింగు మార్చాలా?" అని అడుగుతారు. అన్నీ అయితే మీ పేరు ఆమోదిత సప్లయర్ల జాబితాలోకి ఎక్కుతుంది. అప్పుడు పాన్, జీఎస్టీ, ఉద్యమ్ పత్రం, కొట్టేసిన చెక్కు తీసుకుని సిస్టంలో వెండరు కోడు ఇస్తారు. అప్పటికి కానీ ట్రయల్ ఆర్డరు రాదు. నెలలు పడుతుంది. ఇందులో మీ మేనేజరు గారి పాత్ర మొదట్లో కొంచెం, చివర్లో కొంచెం.

ఆ కొంచెం కూడా ఆయన చేరిన వారంలో వాడలేడు. ఎందుకంటే ఆయన ప్రొబేషన్‌లో ఉన్నాడు. పక్క సీటువాడు పదేళ్లుగా అక్కడే ఉండి ఈ కుర్చీ తనకే వస్తుందనుకున్నవాడు. కొత్త మేనేజరు వచ్చీ రాగానే పాత కంపెనీ సంచులవాణ్ని, పాత కంపెనీ డ్రమ్ములవాణ్ని, పాత కంపెనీ లేబుళ్లవాణ్ని వరసగా తెచ్చి ముందు పెడితే ఆ పక్క సీటువాడు ఏమనుకుంటాడో, ఇంటర్నల్ ఆడిట్ ఏమనుకుంటుందో మీరు ఊహించుకోండి. పెళ్లికూతురు అత్తారింట్లో కాలుపెట్టిన పూటే పుట్టింటివాళ్లంతా పెట్టెలు పట్టుకుని దిగినట్టు ఉంటుంది.

దిగేవాళ్లకి మాత్రం సిద్ధాంతబలం ఉంది. అమ్మకాల పాఠాలు చెప్పేవాళ్లు ఒక మంత్రం ఉపదేశిస్తున్నారు: కొత్త పదవిలోకి వచ్చినవాడు మొదటి తొంభై రోజుల్లోనే మార్పులు చేస్తాడు, అప్పుడే పట్టుకోండి. లింక్డ్ఇన్ సేల్స్ నావిగేటర్‌లో గత తొంభై రోజుల్లో ఉద్యోగం మారినవాళ్లని వడపోసి చూపించే సదుపాయం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు, సొంత బడ్జెట్ ఉన్న పెద్ద అధికారికి రాస్తే అందులో కొంత నిజం ఉండొచ్చు. కొత్త సీఈవో పాత సాఫ్ట్‌వేరు పీకేసి తనకు అలవాటైనది పెట్టించుకుంటాడేమో. మందుల ప్లాంటులో పర్చేజ్ మేనేజరు తనకు అలవాటైన సంచి పెట్టించుకోలేడు. అమెరికా సేల్స్ పాఠం విని పరవాడకి రాసేవాళ్లకి ఈ తేడా పట్టదు. వడపోతలో పేరు వచ్చింది, మెయిలు వెళ్లింది, అంతే.

ఇంకో జాతి ఉంది. వీళ్లు రాయరు, పంపుతారు. ఖరీదైన వాచీ పంపితే తప్పని వీళ్లకీ తెలుసు. అందుకే తిరుపతి లడ్డూ పంపుతారు. ప్రసాదం కదా, వద్దనకూడదు! లడ్డూ డబ్బాతో పాటు శేషవస్త్రం, శేషవస్త్రంతో పాటు డైరీ, డైరీలో విజిటింగ్ కార్డు, కార్డు వెనక రేటు. కంపెనీ బహుమతుల నియమావళి రాసినవాడు వేంకటేశ్వరుడి పేరు ఎక్కడ రాయాలో తెలియక తల పట్టుకుంటాడు. మేనేజరు ఆ డబ్బాని రిసెప్షన్‌లో అందరికీ పంచి, పంచినట్టు హెచ్ఆర్‌కి మెయిలు పెట్టి, అప్పుడు తన సీట్లోకి వెళ్తాడు. పుణ్యం రిసెప్షనిస్టుకి, పేపర్‌వర్కు ఆయనకి.

ఇన్ని మాటలన్నాను కదా, మరి అసలు రాయొద్దంటారా అని అడగొచ్చు. రాయాలి. తెలిసిన మనిషి కొత్తచోట ఉండటం వ్యాపారంలో నిజంగానే పెద్ద ఆస్తి. అయితే ఆ ఆస్తి ఏమిటో మీకు తెలియాలి. ఆయన అధికారం మీ ఆస్తి కాదు. మీ గురించి ఆయనకి తెలిసినది మీ ఆస్తి. ఊరూ పేరూ తెలియని సప్లయరు "మాది బెస్ట్ క్వాలిటీ" అని రాస్తే రాసుకోనివ్వండి, పాపం వాడికి వేరే దారి లేదు. మీ సంచిలో నల్లమచ్చలు వచ్చిన రోజు మీ మేనేజరు గారు అక్కడే ఉన్నారు. ఆ రోజు మీరు ఫోను ఎత్తారో లేదో ఆయనకి తెలుసు. ఆయనకి బ్రోచరు పంపడమంటే, ఆ నల్లమచ్చలు ఆయన మర్చిపోయాడని మీరు అనుకోవడమే.

ఆ నల్లమచ్చల గురించే కొంచెం చెప్పాలి, ఎందుకంటే మంచి ఉత్తరం పుట్టేది అక్కడే. ఎక్స్‌ట్రూడర్‌లోనో డైలోనో పాత ప్లాస్టిక్ కొంత అంటుకుని మాడుతుంది. మాడిన రవ్వ ఊడి కొత్త ఫిల్ములో చుక్కలా పడుతుంది. తెల్ల పౌడరులో ఆ చుక్క రాలితే బ్యాచ్ మొత్తం ఆపాలి. సప్లయర్లు దీనికి చెప్పే జవాబు సాధారణంగా ఒకటే: "ఇది ఒక్కసారికే సార్, ఇంకెప్పుడూ రాదు." పనికొచ్చే జవాబు వేరు. ఎన్నాళ్లకోసారి డై విప్పి శుభ్రం చేస్తున్నారు, వడపోత జాలీ ఎప్పుడు మారుస్తున్నారు, మొదట వచ్చే ఫిల్ము ఎంత పక్కన పడేస్తున్నారు, దాని రిజిస్టరు ఎక్కడుంది అన్నది. ఇది చెప్పగలిగినవాడికి పాత మచ్చే కొత్త సిఫార్సు. తప్పు జరిగినప్పుడు ఎలా నడుచుకుంటాడో తెలిసిన సప్లయరు ఏ క్వాలిటీ విభాగానికైనా ముద్దే. తప్పే జరగదనేవాణ్ని చూస్తేనే వాళ్లకి భయం.

ఇక ఎప్పుడు రాయాలి? ఆయన జూన్‌లో చేరాడనుకోండి. జూన్‌లో ఆయన సొంత ఫోనుకి రెండు వాక్యాలు: అభినందనలు, పిల్లల బడి విశాఖలో కుదిరిందా? అంతే. బ్రోచరు లేదు, "టచ్‌లో ఉందాం సార్" లేదు, పువ్వుల బొమ్మతో శుభోదయాలు అసలే లేవు. చాలా కంపెనీల్లో ప్యాకింగ్ సరుకుల రేటు ఒప్పందం ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడుస్తుంది. కొత్త కొటేషన్లు అడిగేది ఆఖరి త్రైమాసికంలో. అప్పటికి మీ శాంపిల్స్ పరీక్ష ముగిసి ఉంటేనే మిమ్మల్ని అడుగుతారు. పరీక్షలకి పట్టే నెలలు వెనక్కి లెక్కేసుకుంటే మీరు రాయాల్సింది సెప్టెంబరు ప్రాంతంలో. జూన్‌లో రాస్తే ఆయనకి చేతకాదు, ఫిబ్రవరిలో రాస్తే మీకు చేతకాదు. సెప్టెంబరుకల్లా ఆయన కుర్చీ కొంచెం కుదురుకుంటుంది, ఏ సరుకుకి ఒకే సప్లయరు ఉన్నాడో, ఎక్కడ ఆడిట్‌లో మాట వచ్చిందో ఆయనకి తెలిసొస్తుంది.

ఉత్తరం కంపెనీ ఐడీకే వెళ్లాలి. ఆ ఐడీ ఊహించి తయారుచేసింది కాకుండా ఆయన్ని అడిగి తీసుకున్నదై ఉండాలి. అందులో ఉండాల్సింది ఈపాటి:

"సార్, మేము పౌడరు ప్యాకింగుకి ఎల్‌డీపీఈ లైనర్లు చేస్తామని మీకు తెలుసు. మీ దగ్గర ఈ సరుకుకి రెండో సప్లయరు అవసరం ఉందో లేదో మాకు తెలియదు. ఉంటే, కొత్త సప్లయర్ల పరిశీలన చూసే విభాగానికి ఈ మెయిలు పంపగలరు. వారి ప్రశ్నావళి మాకు వస్తే నింపి, మూడు వేర్వేరు బ్యాచ్‌ల శాంపిల్స్ పంపుతాం. మా లైనులో నల్లమచ్చల సమస్య వచ్చిన తర్వాత డై శుభ్రం చేసే గడువు, జాలీ మార్చే గడువు తగ్గించాం. ఆ రిజిస్టర్లు ఆడిట్‌లో చూడవచ్చు. ప్రస్తుతం అవసరం లేకపోతే ఒక్క మాట రాయండి, వచ్చే ఏడాది దాకా మళ్లీ ఇబ్బంది పెట్టం."

ఇందులో పాత కంపెనీ పేరు లేదు, వాళ్ల మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. నల్లమచ్చ మీ లైనులో జరిగింది కాబట్టి చెప్పుకునే హక్కు మీది. అది ఏ మందు మీద పడిందో చెప్పుకునే హక్కు మీది కాదు. రేటు కూడా లేదు, ఇంకా ఎవరూ అడగలేదు కాబట్టి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఉత్తరాన్ని ఆయన ఒక్క అక్షరం మార్చకుండా, ఏ సంజాయిషీ రాయకుండా, క్వాలిటీ హెడ్‌కి పంపెయ్యగలడు. రేపు ఆడిటర్ తెరిచి చదివినా ఆయనకి చెమట పట్టదు. మొదటి ఉత్తరాన్ని ఆయన ఎవరికి పంపగలడు? చదివి డిలీట్ కొట్టి, డిలీటెడ్ ఫోల్డర్‌లోంచి కూడా డిలీట్ కొట్టాలి.

జవాబు ఎలా చదవాలో కూడా మనవాళ్లకి తెలియదు. ఆయన మీ మెయిలుకి ఒక్క ముక్క ప్రేమగా రాయకుండా, క్వాలిటీవాళ్లనీ ఒక జూనియర్‌నీ సీసీలో పెట్టి "ఫర్ యువర్ నీడ్‌ఫుల్" అని పడేశాడనుకోండి, సప్లయరు ఇంటికెళ్లి అన్నం మానేస్తాడు. "సార్ మనల్ని దూరం పెట్టాడు!" అని. దూరం పెట్టలేదయ్యా, దారిలో పెట్టాడు. ఆ సీసీయే మీకు దక్కే అతి పెద్ద మేలు. భయపడాల్సింది ఇంకో రకం జవాబుకి. ఫోనులో తీయగా "తప్పకుండా చూద్దాం, మీరు మనవాళ్లే కదా" అని, ఎవరినీ సీసీలో పెట్టకుండా, కాగితం మీద ఏమీ లేకుండా నడిపేవాడు ఉన్నాడే, వాడు మీకు అవకాశం ఇవ్వట్లేదు. రేపు ఏదో అడగబోతున్నాడు.

ఈ హడావిడి అంతటిలో ఒక కుర్చీని అందరూ మర్చిపోతారు. జీడిమెట్లలో ఆయన ఖాళీ చేసిన కుర్చీ. అక్కడ మీ వ్యాపారం నడుస్తోంది, మీ సంచులు ఇప్పటికీ వెళ్తున్నాయి. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్త మనిషి కూడా కొత్తగా చేరినవాడే. ఆయనకీ వాళ్ల పాత కంపెనీలో ఒక సంచులవాడు ఉన్నాడు. ఆ సంచులవాడు ఈపాటికి ఆయనకి అభినందనల ఉత్తరం రాసే ఉంటాడు. మీ నల్లమచ్చల ఫైలు చదివి, మీ గురించి మంచి చెప్పగలిగిన ఒక్క మనిషీ అక్కడ ఇప్పుడు లేడు. ఆమోదిత జాబితాలో మీ పేరు ఉంది, నిజమే. కానీ అందులో రెండో పేరు కూడా ఉంటుంది, ఆర్డరు ఎవరికి ఎంతన్నది ఆ కుర్చీయే చెప్తుంది. ఆ మనిషి పేరేమిటని నేను అడిగిన సప్లయర్లలో చాలామంది చెప్పిన జవాబు: "ఎవరో కొత్తాయన సార్."

కాబట్టి సంచుల, డ్రమ్ముల, లేబుళ్ల సోదరులారా, పరవాడకి ఉత్తరం సెప్టెంబరులో రాద్దురుగాని. రేపు పొద్దున్నే జీడిమెట్ల వెళ్లండి. ఆ కొత్తాయన పేరు కనుక్కోండి. పోయినేడాది కంప్లయింట్లు, వాటికి మీరు చేసిన సవరణలు, ఆగిన రెండు బిల్లుల నకళ్లు ఒక ఫైలులో పెట్టి ఆయన ముందు పెట్టండి. లడ్డూ డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంచండి.